కర్బనం చేతివాటం – భీమవరం సుబ్బారావు గారి మందులు

తెలుగులో "చేతివాటం" అన్న మాటకు మంచి పేరు లేదు. ఎవరైనా చేతివాటం చూపించాడంటే ఏదో వస్తువు మాయమైందని అర్థం. అయినా ఈ వ్యాసంలో ఆ మాటనే వాడదలచుకున్నాను. ఇంగ్లీషువారు "కైరాలిటీ" అంటున్న దానికి ఇంతకన్న దగ్గరి మాట నాకు తోచలేదు. ఆ ఇంగ్లీషు మాట సైతం గ్రీకు భాషలో చేయి అనే అర్థమున్న పదం నుంచి పుట్టినదే. కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. వేళ్ళ సంఖ్య ఒకటే, పొడవులు ఒకటే, కూర్పు ఒకటే. అయినా ఒకదాని మీద ఇంకొకదాన్ని ఎట్లా తిప్పి పెట్టినా అచ్చంగా కలిసిపోవు. ఈ గుణమే చేతివాటం. కొన్ని అణువులకు ఈ గుణం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఎందుకుంటుందో, ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మన గోదావరి మండలం వాడైన ఒక మహానుభావుని పరిశోధనలు చక్కని ఉదాహరణలుగా ఉన్నాయి.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు రాజమహేంద్రవరంలో మొదలై మద్రాసు చేరింది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా ఖద్దరు ధరించినందుకు పైవారి ఆగ్రహానికి గురై, పూర్తి పట్టా కాక ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందని ఆయన జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఆ రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు కొద్ది దినాల వ్యవధిలో కన్నుమూశారు. స్ప్రూ అనే జబ్బు ఆ ఇంటిని అట్లా దెబ్బతీసింది. తిన్నది ఒంటబట్టక, రక్తం పలచబడి, మనిషి కృశించిపోయే వ్యాధి అది. తర్వాత సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి, హార్వర్డులో చాలాకాలం పనిచేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలో వెలువడిన మందులలో రెండింటిని ఇక్కడ తీసుకుంటాను. ఒకటి బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్, రెండవది ఫోలిక్ ఆమ్లం. మొదటి అణువుకు చేతివాటం లేదు. రెండవదానికి ఉంది. ఈ తేడా అంతా ఒకే ఒక్క కర్బన పరమాణువు దగ్గర ఉన్నది.

ముందు ఆ కర్బనం సంగతి చూడాలి.

కర్బనానికి నాలుగు చేతులుంటాయని బడిలో చెబుతారు. నల్లబల్ల మీద వాటిని కూడిక గుర్తులాగా గీస్తారు. ఆ బొమ్మ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకంటే కర్బనం బల్లలాగా చదునైనది కాదు. గోదావరి ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచినవారికి పల్లేరుకాయ పరిచయమే. ఎట్లా పడేసినా ఒక ముల్లు పైకి నిలిచే ఉంటుంది. కర్బనం చేతులు దాదాపు అట్లాగే నాలుగు దిక్కులకు, ఒకదానికొకటి వీలైనంత దూరంగా చాచుకొని ఉంటాయి.

ఈ సంగతిని 1874లో ఇద్దరు యువకులు వేర్వేరుగా, ఒకరి పని ఒకరిని అడిగి వ్రాయకుండానే ప్రకటించారు. హాలెండులో వాంట్ హాఫ్‌కు అప్పటికి 22 ఏళ్ళు. పారిస్‌లో లె బెల్‌కు 27. వారి వాదన వినసొంపుగా ఉంటుంది. కర్బనం చదునైనదే అయితే, దానికి రెండు ఉదజనులు, వేరే రకం పరమాణువులు రెండు తగిలించినప్పుడు రెండు విధాల అణువులు రావాలి. ఉదజనులు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఒకటి. కాని రసాయనజ్ఞులు ఎంత వెదకినా ఎప్పుడూ ఒకటే దొరికింది. పల్లేరుకాయ ఆకారంలోనైతే ఏ రెండు ముళ్ళయినా పక్కపక్కనే ఉంటాయి, ఎదురెదురు అనే మాటే లేదు. కనుక ఒకటే రావాలి, ఒకటే వచ్చింది. జర్మనీలో కోల్బె అనే పేరున్న ఆచార్యుడు, పశువైద్య కళాశాలలో పనిచేసే ఈ కుర్రవాడు రెక్కల గుర్రమెక్కి ఊహాలోకంలో విహరిస్తున్నాడని వాంట్ హాఫ్‌ను ఎగతాళి చేస్తూ వ్రాశాడు. 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆ కుర్రవాడికే వచ్చింది. కోల్బె అప్పటికి జీవించి లేడు.

ఇక చేతివాటం ఎట్లా పుడుతుందో ఇంట్లోనే చేసి చూడవచ్చు. తడి మట్టి ముద్దలు రెండు తీసుకొని, ఒక్కొక్కదానికి నాలుగేసి చీపురు పుల్లలు పల్లేరుకాయ ముళ్ళలాగా గుచ్చండి. ప్రతి ముద్దకూ ఒక పుల్ల కొసకు సున్నం, ఒకదానికి పసుపు, ఒకదానికి కుంకుమ, ఒకదానికి కాటుక పూయండి. మొదటి ముద్దను సున్నపు పుల్ల మీ ముఖానికి అవతలి వైపు ఉండేటట్లు పట్టుకుంటే తక్కిన మూడూ మీకు ఎదురుగా కనిపిస్తాయి. పసుపు నుంచి కుంకుమకు, కుంకుమ నుంచి కాటుకకు వెళ్ళే దారి ప్రదక్షిణంగా ఉండేటట్లు మొదటిదాన్ని చేయండి. రెండవదాన్ని అప్రదక్షిణంగా చేయండి. ఇప్పుడు ఈ రెంటినీ ఎంత తిప్పినా, తలక్రిందులు చేసినా, అన్ని రంగులూ ఒకేచోట కలిసేటట్లు పెట్టలేరు. ఒకటి కుడిచేయి, మరొకటి ఎడమచేయి.

ఇప్పుడు రెండు ముద్దలకూ కాటుక తుడిచి అక్కడ సైతం కుంకుమే పూయండి. ఇప్పుడు రెండు పుల్లలు ఒకే రంగువి. వెంటనే తేడా మాయమవుతుంది. ఒకదాన్ని కొంచెం తిప్పితే రెండవదానితో సరిగ్గా సరిపోతుంది. అద్దంలో చూచినా అదే బొమ్మ. నాలుగు చేతులకూ నాలుగు వేర్వేరు గుంపులు తగిలి ఉండాలనే నియమం ఇందుకే వచ్చింది. మూడు వేర్వేరు అయి రెండు ఒకటే అయినా చాలు, చేతివాటం పోతుంది.

ఈ కొలతతో హెట్రజాన్‌ను పరీక్షిద్దాము. దీని శాస్త్రనామం డైఇథైల్ కార్బమజీన్. బోదకాలు పురుగు పిల్లల మీద పనిచేసే ఈ మందును లెడర్లీ బృందం 1947లో ప్రకటించింది. మన డెల్టాలో బోదకాలు ఎరుగని ఊరు తక్కువ. 2004 నుంచి దేశమంతటా ఏడాదికొకసారి ఇంటింటికీ తిరిగి ఈ మాత్రలు మింగించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, ఇది భీమవరం బిడ్డ చేయించిన మందు అని ఇచ్చేవారికీ తెలియదు, మింగేవారికీ తెలియదు. ఆ అణువులో నాలుగు కర్బనాలు, రెండు నత్రజనులు చేరి ఒక ఉంగరంగా ఉంటాయి. ఉంగరంలోని ప్రతి కర్బనానికీ రెండేసి ఉదజనులున్నాయి, అంటే రెండు కుంకుమ పుల్లలు. తోకల చివరి కర్బనాలకు మూడేసి ఉదజనులు. మధ్యలో ఆమ్లజనితో జంట బంధం వేసుకున్న కర్బనానికి తగిలినవి మూడే, అది చదునుగా ఉంటుంది. నాలుగూ వేరైన కర్బనం ఒక్కటి సైతం లేదు. రెండు నత్రజనుల మీదుగా అణువును నిలువునా చీలిస్తే రెండు సగాలూ ఒకటే. దీని ప్రతిబింబం ఇదే. కనుక ఈ మందు తయారుచేసేవారు కుడి ఎడమల గొడవ లేకుండా నిశ్చింతగా ఉండవచ్చు.

ఫోలిక్ ఆమ్లం కథ వేరు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూరను నలిపి చిటికెడు పదార్థం తీశారు. లాటిన్ భాషలో ఆకుకు ఫోలియం అని పేరు గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. అది రక్తం పట్టడానికి అవసరమైన విటమిను. అంత కష్టపడి ఆకుల నుంచి తీస్తే రోగులకు సరిపోదు. సుబ్బారావు గారి బృందం దానిని ప్రయోగశాలలో కూర్చే పనికి పూనుకొని 1945లో సాధించింది. స్ప్రూ రోగులకు, గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనతకు అది పనిచేసింది. తన సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

ఆ అణువును మూడు ముక్కలుగా చూడవచ్చు. మొదటిది రెండు ఉంగరాలు కలిసిన చదునైన ముక్క. నడిమిది ఒక ఉంగరమున్న చదునైన ముక్క. ఈ రెంటిలోనూ చేతివాటం లేదు. మూడవది గ్లుటామిక్ ఆమ్లం. పప్పులో, పాలలో, గోధుమలో ఉండే మాంసకృత్తులలో ఇది విస్తారంగా ఉంటుంది. ఇందులో ఒక కర్బనానికి నాలుగు చేతులా నాలుగు వేర్వేరు గుంపులున్నాయి. ఒక చేతికి నత్రజని. ఒక చేతికి ఆమ్ల గుంపు. ఒక చేతికి రెండు కర్బనాల తర్వాత మరొక ఆమ్ల గుంపు ఉన్న పొడుగు తోక. నాలుగవ చేతికి ఒంటరి ఉదజని. ఉదజనిని మన సున్నపు పుల్ల అనుకొని అవతలికి పెట్టి చూస్తే, నత్రజని నుంచి ఆమ్ల గుంపుకు, అక్కడి నుంచి తోకకు వెళ్ళే దారి ప్రకృతిలోని గ్లుటామిక్ ఆమ్లంలో అప్రదక్షిణంగా ఉంటుంది. దీనిని ఎడమవాటం అంటారు.

ఎడమైతే ఏమి, కుడియైతే ఏమి అని అడగవచ్చు. నాలుకను అడిగితే చెబుతుంది. బండ్ల మీద నూడుల్సులో చల్లే అజినమోటో ఈ గ్లుటామిక్ ఆమ్లపు లవణమే, ఎడమవాటానిది. దాని కుడివాటపు ప్రతిబింబాన్ని నాలుక మీద వేసుకుంటే ఆ రుచి ఉండదు. తూకం ఒకటే, కరిగే తీరు ఒకటే, పరమాణువులు ఒకటే. నాలుకలో రుచిని పట్టుకునే మాంసకృత్తు సైతం ఎడమవాటపు ముక్కలతోనే అల్లినది. ఎడమచేతి తొడుగులో కుడిచేయి పట్టదు గదా.

అందుకే లెడర్లీ రసాయనజ్ఞులు ఆ కర్బనం జోలికి పోలేదు. ప్రకృతిసిద్ధమైన ఎడమవాటపు గ్లుటామిక్ ఆమ్లాన్నే తీసుకొని, దాన్ని నడిమి ముక్కతో ముందుగా కలిపి, ఆ జంటను తక్కిన సరకులతో చేర్చారు. చేతివాటాన్ని కొత్తగా తయారుచేయడం కష్టం. ఉన్నదాన్ని చెడగొట్టకుండా మోసుకుపోవడం సులువు. అయితే చెడిపోయే ప్రమాదం లేకపోలేదు. వేడి, క్షారం ఎక్కువైతే ఆ కర్బనం మీది ఉదజని ఒక క్షణం ఊడిపోతుంది. మూడు చేతులే మిగిలిన కర్బనం చదునవుతుంది. ఉదజని తిరిగి వచ్చేటప్పుడు పైనుంచి రావచ్చు, కిందనుంచి రావచ్చు. సగం ఎడమవి సగం కుడివి అయ్యేదాకా అట్లా జరుగుతూనే పోతుంది.

చెడిపోయిందో లేదో కంటికి తెలియదు. తక్కెడకు తెలియదు. వెలుగుకు తెలుస్తుంది. 1815లో బియో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఒకే తలంలో ఊగే వెలుగును కొన్ని ద్రవాల గుండా పంపితే ఆ తలం పక్కకు తిరుగుతుందని గమనించాడు. తణుకు, చెల్లూరు వంటి చోట్ల చక్కెర మిల్లులలో చెరకు రసంలో చక్కెర ఎంతుందో కొలవడానికి వాడే పోలారిమీటరు అనే గొట్టం పనిచేసేది ఈ సూత్రం మీదే. ఒక మిల్లు ప్రయోగశాలలో పనిచేసిన నా పూర్వవిద్యార్థి ఒకసారి అందులోకి నన్ను తొంగిచూడనిచ్చాడు. చీకటి సగం, వెలుగు సగం ఉన్న చిన్న వృత్తం తప్ప అందులో చూడముచ్చటైనదేమీ లేదు.

గ్లుటామిక్ ఆమ్లాన్ని దీనితో పరీక్షించడం ఎట్లాగో లెక్క చూడండి. 10 గ్రాముల శుద్ధమైన ఎడమవాటపు ఆమ్లాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేసి, 20 సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే వెలుగు కుడివైపుకు సుమారు 6.4 డిగ్రీలు తిరుగుతుంది. అదే తూకపు కుడివాటం ఎడమవైపుకు అంతే తిప్పుతుంది. మన నమూనా 3.2 డిగ్రీలే తిప్పిందనుకోండి. సగమే తిప్పింది గనుక సగం చెడిందని తొందరపడరాదు. నూటికి 75 ఎడమవి, 25 కుడివి ఉంటే, ఆ 25 మరో 25ను రద్దుచేయగా మిగిలిన 50 చూపించే తిప్పుడు అది. అసలు తిప్పకపోతే సగం సగం అని అర్థం. వేరే మలినాలేవీ వెలుగును తిప్పనప్పుడే ఈ లెక్క చెల్లుతుంది.

పై వాక్యాలలో ఒక తిరకాసు ఉన్నది. ఎడమవాటపు ఆమ్లం వెలుగును కుడివైపుకు తిప్పింది! భాషాపండితుడిగా నాకు ఇది మొదట మింగుడుపడలేదు. వాటం అనేది అణువు నిర్మాణానికి పెట్టిన పేరు, తిప్పుడు అనేది కొలిచిన ఫలితం. రెంటికీ సూటి సంబంధం లేదు. మన పూజామందిరాలలో దక్షిణావర్తమని అపురూపంగా దాచుకునే శంఖాన్ని జంతుశాస్త్రజ్ఞులు ఎడమ మెలికది అంటారు. వారు శంఖాన్ని మొన పైకి పెట్టి చూస్తారు, మనం కిందికి పెట్టి చూస్తాము. శంఖం మారలేదు, చూపు మారింది.

రెండు వాటాల అణువులను మొదట చేతితో వేరుచేసినవాడు పాశ్చర్. 1848లో టార్టారిక్ ఆమ్లపు లవణం ఒకదాన్ని స్ఫటికాలుగా కట్టనిచ్చి, సూక్ష్మదర్శినిలో చూస్తూ పట్టుకారుతో కుడివి ఒక కుప్పగా, ఎడమవి ఒక కుప్పగా ఏరాడు. మన చింతపండులో పులుపు ఈ టార్టారిక్ ఆమ్లమే, ఒకే వాటానిది. పాశ్చర్ అదృష్టం ఏమంటే ఆ లవణం రెండు వాటాలు విడివిడిగా స్ఫటికాలు కట్టడం సుమారు 27 డిగ్రీల లోపు చల్లదనంలోనే జరుగుతుంది. అంతకు మించితే రెండూ కలిసి ఒకే స్ఫటికంలో కూర్చుంటాయి. రాజమండ్రి మే నెలలో ఆయన ఈ పని మొదలుపెట్టి ఉంటే ఏరడానికి ఏమీ దొరికేది కాదు.

తిరిగి ఫోలిక్ ఆమ్లానికి వద్దాము. సుబ్బారావు గారి బృందం ఆ అణువును కాస్త మార్చి, దానికి శత్రువులైన అణువులను కూడా తయారుచేసింది. కణాలు వాటిని విటమిననుకొని తీసుకొని మోసపోతాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో ఉన్న పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ళకే పరమపదించారు. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేటు నేటికీ వాడుకలో ఉన్నది. దీని తోక సైతం ఎడమవాటపు గ్లుటామిక్ ఆమ్లమే. కుడివాటపు తోకతో చేసిన మెథోట్రెక్సేటును మింగితే పేగుల నుంచి రక్తంలోకి బహు స్వల్పంగా చేరుతుంది. పేగు గోడలో విటమినును లోపలికి మోసే వాహకం కుడివాటాన్ని సరిగా పట్టుకోదు. అందుకే తయారైన మందులో కుడివాటం మితి మించకుండా పరీక్షిస్తారు.

ఈ శత్రువు మితిమీరితే మంచి కణాలూ చస్తాయి. ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేటు ఎక్కించిన తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. ఇక్కడ మన నాలుగు పుల్లల నియమం ఇంకొకసారి ఎదురవుతుంది. ఫోలిక్ ఆమ్లం నేరుగా పనిచేయదు. శరీరం దాని మొదటి ముక్కలోని చదునైన ఉంగరానికి ఉదజనులు చేర్చిన తర్వాతనే పనికి వస్తుంది. అట్లా చేర్చినప్పుడు, అంతదాకా మూడు గుంపులతో చదునుగా ఉన్న ఒక కర్బనానికి నాలుగవది వచ్చి చేరుతుంది. ఆ నాలుగూ వేర్వేరు. అంటే అణువులో రెండవ చేతివాటం అప్పుడు పుడుతుంది. మన శరీరంలో ఆ పని చేసే ఎంజైము ఉదజనిని ఎప్పుడూ ఒకే వైపు నుంచి అందిస్తుంది గనుక ఒకే వాటం వస్తుంది. ప్రయోగశాలలో ఉదజనికి అట్లాంటి కట్టుబాటు లేదు. పైనుంచీ చేరుతుంది, కిందనుంచీ చేరుతుంది.

కనుక మామూలు ల్యూకోవోరిన్ మందు రెండు వాటాల మిశ్రమం. సగం పనిచేస్తుంది, సగం శరీరంలో ఊరికే తిరిగి పోతుంది. తర్వాతి కాలంలో పనిచేసే వాటాన్ని మాత్రమే విడిగా తయారుచేసి లీవోల్యూకోవోరిన్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చారు. పాత మందు 15 మిల్లీగ్రాములు ఇచ్చేచోట ఇది ఏడున్నర ఇస్తారు. పేర్లు రెండూ దగ్గరగా ఉంటాయి. కనుక సీసా మీద ముందున్న ఆ "లీవో" అనే రెండక్షరాలను మోతాదు లెక్క వేసే నర్సమ్మ చదివి తీరాలి.